పైకి విసిరిన రాయి మీద ఏ బలం ఉంది? బలం, చలనం మీద బిట్లు రాసే టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ హైస్కూల్లోనూ ఇంటర్ మొదటి సంవత్సరంలోనూ ఫిజిక్స్ చెప్పేవాళ్ల కోసం. ర్యాంకుల కోసం ఇచ్చే బిట్ల సంగతి ఇందులో లేదు. పిల్లల బుర్రలో బలం గురించి ఏ ఆలోచన ఉందో బయటపెట్టే బిట్లు ఎలా రాయాలన్నదే ఇక్కడి విషయం. ఉదాహరణలు ఎక్కువ తీసుకోలేదు. నిట్టనిలువుగా పైకి విసిరిన ఒక్క రాయినే చాలాసేపు పట్టుకుని ఉంటాం.

మేం రోజూ ఇచ్చే బిట్లకీ వీటికీ తేడా ఏమిటి?

తప్పు ఆప్షన్ పెట్టిన పిల్లవాడి గురించి ఆ తప్పు మీకు ఏం చెప్పిందన్నదే తేడా. "2 కిలోల వస్తువు మీద 10 న్యూటన్ల బలం పనిచేస్తే త్వరణం ఎంత?" అని అడిగి 5, 20, 8, 12 అని ఇచ్చారనుకోండి. 20 పెట్టినవాడు భాగించాల్సిన చోట గుణించాడు. 8 పెట్టినవాడు తీసేశాడు, 12 పెట్టినవాడు కలిపాడు. F = ma గుర్తు లేదని మాత్రం తెలిసింది. బలం అంటే వాళ్లు ఏమనుకుంటున్నారో తెలియలేదు. ఆ మాటకొస్తే 5 పెట్టినవాడి గురించి కూడా తెలియలేదు. "వస్తువు కదులుతూ ఉండాలంటే దాన్ని ఏదో ఒక బలం తోస్తూనే ఉండాలి" అని గట్టిగా నమ్మే పిల్లలు కూడా ఆ లెక్క చక్కగా చేసేస్తారు.

మనకు కావలసిన బిట్‌లో తప్పు ఆప్షన్ అంటే ఒక తప్పు అంకె కాదు, ఒక తప్పు సిద్ధాంతం. అలా నమ్మేవాళ్లకు అదే సరైన జవాబుగా కనిపించాలి. ఆ ఆప్షన్ చదవగానే "ఆఁ, నేను అనుకున్నది ఇదే" అనిపించాలి.

బలం విషయంలో పిల్లలు నిజంగా నమ్మే తప్పులు ఎన్ని ఉంటాయి?

జాబితా రాస్తే ముప్పై దాటుతుంది గానీ, వేళ్లు చూస్తే తక్కువే. వాటిలో పెద్దది ఒకటే: చలనం ఉంటే చలనం దిశలో బలం కూడా ఉంటుంది. దీన్నుంచే మిగతా చాలా పుడతాయి. వేగంగా పోతుంటే బలం ఎక్కువ, ఆగితే బలం సున్నా, విసిరిన వస్తువులో చెయ్యి నింపిన ఊపు కొంచెం కొంచెంగా అరిగిపోతుంది, అది పూర్తిగా అయిపోయాకే భూమి లాగడం మొదలుపెడుతుంది. దీనికి సంబంధం లేకుండా విడిగా ఉండే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. రెండు వస్తువులు గుద్దుకుంటే బరువైనదే ఎక్కువ బలం చూపిస్తుందన్న నమ్మకం అది.

ఇవి తెలివి తక్కువ వల్ల వచ్చిన తప్పులు కావు. తోయడం ఆపితే తోపుడుబండి ఆగిపోవడం పిల్లలు రోజూ చూస్తున్నారు. 6వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఫిలోపోనస్, 14వ శతాబ్దంలో పారిస్‌లో బురిడాన్, విసిరిన వస్తువులో విసిరినవాడు నింపిన ఒక గుణం ఉంటుందనే వాదించారు. గెలీలియో కూడా కుర్రతనంలో పైకి విసిరిన రాయిని దాదాపు ఇలాగే వివరించాడు. కాబట్టి తొమ్మిదో తరగతి పిల్ల ఆ మాట అంటే కంగారు పడనక్కర్లేదు. కాకపోతే, ఆ మాట ఆ పిల్ల నోట వినడానికి మన బిట్‌లో చోటుండాలి.

తప్పు ఆప్షన్లు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? కూర్చుని ఆలోచిస్తే రావడం లేదు.

రావు. ఫిజిక్స్ తెలిసినవాళ్లు కూర్చుని ఊహించే తప్పులూ, పిల్లలు నిజంగా చేసే తప్పులూ ఒకటి కావు. మనం ఊహిస్తే గుర్తులు తారుమారు చేస్తాం, సూత్రాన్ని తిరగేస్తాం. పిల్లలు అలా తప్పు చేయరు.

తప్పుల్ని పిల్లల దగ్గరే సేకరించాలి. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఇబ్రహీం హల్లూన్, డేవిడ్ హెస్టెనిస్ 1985లో ప్రచురించిన మెకానిక్స్ పరీక్షకు చేసిన పని ఇదే. ముందు ఆప్షన్లు లేకుండా ప్రశ్నలు ఇచ్చి జవాబులు రాయించారు. ఎక్కువ మంది రాసిన తప్పుల్నే తర్వాత ఆప్షన్లుగా పెట్టారు. ఆ పరీక్ష నుంచే 1992లో ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ వచ్చింది. (దాన్ని అందరూ ఎఫ్‌సీఐ అంటారు. మన దగ్గర ఆ మాట వింటే బియ్యం గోదాములు గుర్తొస్తాయి, అది వేరే సంగతి.)

మీ క్లాసులో ఇది ఒక పీరియడ్ పని. బోర్డు మీద ఒక రాయి బొమ్మను మూడు చోట్ల గీయండి: చేతిని విడిచి పైకి వెళ్తున్నప్పుడు, అన్నిటికంటే పై చోట ఉన్నప్పుడు, కిందికి దిగుతున్నప్పుడు. "ఒక్కో చోట రాయి మీద ఉన్న బలాలకు బాణాలు గీసి, ఎందుకో ఒక్క వాక్యంలో రాయండి" అని చెప్పండి. పేర్లు రాయొద్దని, మార్కులు లేవని కూడా చెప్పండి. తర్వాత కాగితాలు తీసుకుని, ఒకే రకం బాణాలున్న వాటిని ఒక కుప్పగా పెట్టండి. ఒక క్లాసులో నాలుగైదు కుప్పల కంటే ఎక్కువ కావు. పెద్ద కుప్పలే మీ తప్పు ఆప్షన్లు. పిల్లలు రాసిన ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం పారేయకండి, ఆప్షన్ రాసేటప్పుడు అందులోని మాటలే కావాలి.

ఒక బిట్‌ని మొదటి నుంచి చివరి దాకా రాసి చూపిస్తారా?

రాయి బిట్‌నే రాద్దాం. చాలామంది చేతిలోంచి మొదట వచ్చే ప్రశ్న ఇలా ఉంటుంది: "పైకి విసిరిన రాయి మీద పనిచేసే బలం ఏది? ఎ) గురుత్వాకర్షణ బలం బి) అయస్కాంత బలం సి) స్థిర విద్యుత్ బలం డి) పైవేవీ కావు." దీనికి క్లాసంతా ఎ పెడతారు. ఎందుకంటే "చెయ్యి ఇచ్చిన బలం ఇంకా ఉంది" అనుకునే పిల్లలకు ఇక్కడ తమ మాట కనపడదు. ఉన్నవాటిలో నప్పేది ఎ ఒక్కటే.

రెండో ప్రయత్నంలో "పైకి వెళ్తున్న రాయి మీద బలం ఏ దిశలో ఉంటుంది? పైకి, కిందికి" అని అడుగుతారు. ఇది మొదటిదానికంటే చాలా నయం. అయితే పైకి అన్నవాళ్లు ఒకే జట్టుగా కనిపిస్తారు. కిందికి అన్నవాళ్లలో కూడా పై చోట బలం సున్నా అనుకునేవాళ్లు కలిసిపోయి ఉంటారు. ఒక్క క్షణం గురించి అడిగితే ఆలోచన మొత్తం బయటికి రాదు. అందుకే మూడు చోట్లా కలిపి అడగాలి:

"ఒక అబ్బాయి రాయిని నిట్టనిలువుగా పైకి విసిరాడు. అది కొంత ఎత్తుకు వెళ్లి తిరిగి కిందికి వస్తోంది. గాలి వల్ల కలిగే అడ్డు లేదనుకోండి. రాయి చేతిని విడిచాక దాని మీద మొత్తం మీద పనిచేసే బలం గురించి ఏది సరైనది?

ఎ) పైకి వెళ్తున్నప్పుడు పైకి ఉంటుంది, పై చోట సున్నా అవుతుంది, దిగుతున్నప్పుడు కిందికి ఉంటుంది.
బి) మూడు చోట్లా కిందికే ఉంటుంది, ఒకే పరిమాణంలో ఉంటుంది.
సి) మూడు చోట్లా కిందికే ఉంటుంది, కానీ దిగే కొద్దీ పెరుగుతుంది.
డి) పైకి వెళ్తున్నప్పుడూ దిగుతున్నప్పుడూ కిందికి ఉంటుంది, పై చోట మాత్రం సున్నా అవుతుంది."

ఇప్పుడు ఒక్కో అక్షరం వెనుక ఒక్కో ఆలోచన ఉంది. ఎ పెట్టినవాళ్లకు బలం బాణమూ వేగం బాణమూ ఒకటే. సి పెట్టినవాళ్లకు దిశ తెలుసు. రాయి వేగం పెరుగుతోంది కాబట్టి బలం కూడా పెరుగుతోందని లేదా నేల దగ్గరికి వచ్చే కొద్దీ భూమి గట్టిగా లాగుతుందని అనుకుంటున్నారు. నేల దగ్గర నిజంగానే ఆకర్షణ కాస్త ఎక్కువే, కానీ విసిరిన రాయి వెళ్లే పది పదిహేను మీటర్లలో ఆ తేడా లెక్కలోకి రాదు. డి పెట్టినవాళ్లు భూమి ఎప్పుడూ లాగుతుందని చదువుకున్నారు, అయినా ఆగిన వస్తువు మీద బలం ఉంటుందంటే ఒప్పుకోలేకపోతున్నారు. ఈ ముగ్గురికీ మరుసటి రోజు చెప్పాల్సిన పాఠం ఒకటి కాదు.

నాలుగు ఆప్షన్లూ దాదాపు ఒకే పొడవు, ఒకే తీరు వాక్యాలు అని గమనించండి. సరైన దాన్ని మాత్రం పాఠ్యపుస్తకం భాషలో, "గురుత్వ త్వరణం స్థిరం కనుక" లాంటి ముక్క తగిలించి రాస్తే, ఫిజిక్స్ ఏమీ రాని పిల్లలు కూడా వాసన పట్టేస్తారు. బిట్ల కోచింగ్‌లో మన పిల్లలు ముందు నేర్చుకునేది అదే.

ఎ వెనుక ఒక ఆలోచనే ఉందని ఎలా చెప్పగలం?

చెప్పలేం. నిజానికి రెండు ఉన్నాయి. కొందరు "చేతి బలం పైకి, భూమి బలం కిందికి, పైదే ఎక్కువ" అనుకుని ఎ పెడతారు. ఇంకొందరు "పైకి పోయేటప్పుడు భూమి లాగడమే లేదు" అనుకుని ఎ పెడతారు. ఈ రెండో రకం తక్కువ మందే గానీ ఉంటారు.

ఒకే బిట్‌లో అన్నీ ఇరికించాలని ఎనిమిది ఆప్షన్లు పెట్టొద్దు. వెనకాలే చిన్న బిట్ ఒకటి ఇవ్వండి: "పైకి వెళ్తున్న రాయిని ఆ సమయంలో భూమి లాగుతోందా? ఎ) లాగుతోంది, కానీ చెయ్యి ఇచ్చిన బలం అంతకంటే ఎక్కువ ఉంది. బి) లాగడం లేదు, పై చోటికి చేరాకే లాగడం మొదలుపెడుతుంది. సి) లాగుతోంది, రాయి మీద ఇంకే బలమూ లేదు." మొదటి బిట్‌లో ఎ, రెండో దాంట్లో సి పెట్టిన పిల్లలు కనిపిస్తే వాళ్లను పక్కకు పిలిచి మాట్లాడండి. ఆ రెండు జవాబులూ ఒకదానికొకటి పొసగవు. వాళ్లు ప్రశ్న సరిగా చదవలేదో, లేక పుస్తకంలోని మాటనూ తమ నమ్మకాన్నీ రెండు వేర్వేరు అరల్లో పెట్టుకున్నారో తెలియాలి.

పిల్లలు "బలం" అన్నప్పుడు నిజంగా బలం గురించే మాట్లాడుతున్నారా?

ఇది చాలామంది టీచర్లు వదిలేసే ప్రశ్న. "రాయిలో ఇంకా బలం ఉంది" అనే పిల్లవాడు ఒక్కోసారి మనం ద్రవ్యవేగం అనేదాని గురించో గతిశక్తి గురించో చెప్తున్నాడు. అప్పుడు వాడి ఆలోచనలో పెద్ద లోపం లేదు, పేరు తప్పు పెట్టాడంతే. అలాంటివాడి జవాబును అపోహ కింద లెక్కేస్తే రోగం లేనివాడికి మందు ఇచ్చినట్టే.

విడదీయడానికి ఒక సులువు ఉంది. బలాన్ని ఎప్పుడూ ఒక వస్తువు ఇంకో వస్తువు మీద చూపిస్తుంది. కాబట్టి ఆప్షన్‌లో ఆ వస్తువు పేరు పెట్టండి. "పైకి ఒక బలం" అని రాసే బదులు "చెయ్యి రాయిని పైకి నెడుతున్న బలం" అని రాయండి. ద్రవ్యవేగం మనసులో ఉన్న పిల్ల అది చదివి, చెయ్యి ఎప్పుడో వదిలేసింది కదా అని ఆగుతుంది. నిజంగా నమ్మేవాళ్లు మాత్రం ఆగరు, ఆ ఆప్షన్నే పెడతారు.

మాటల ఎంపికలో ఇంకొక జాగ్రత్త. కుప్పలు పెట్టినప్పుడు పిల్లల వాక్యాల్లో "ఊపు", "ఫోర్స్", "పవర్" కనిపిస్తాయి. తప్పు ఆప్షన్లలో ఆ మాటల్ని అలాగే ఉంచడం మంచిదే, కానీ సరైన ఆప్షన్ కూడా అదే భాషలో ఉండాలి. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు పేపరు ఇంగ్లిష్‌లో ఇచ్చినా, ఆప్షన్ల కోసం సేకరించేటప్పుడు తెలుగులో రాసుకోనివ్వండి. నమ్మకాలు ఇంటి భాషలోనే సూటిగా బయటికి వస్తాయి.

తప్పు ఆప్షన్ పెట్టిన పిల్లలు వాదనకు దిగితే? ఒక్కోసారి వాళ్లదే రైటనిపిస్తుంది.

అనిపించడం కాదు, ఒక్కోసారి వాళ్లదే రైటు. బావి ఉదాహరణ చూద్దాం. "10 కిలోల నీళ్ల బకెట్‌ని తాడుతో బావిలోంచి పైకి లాగుతున్నారు. తాడు బకెట్‌ని లాగే బలం ఎంత?" దీనికి 98 న్యూటన్లు కీ అనుకుని, "98 కంటే ఎక్కువ" తప్పు అనుకుంటే మీరు ఇరుక్కుంటారు. ఆగి ఉన్న బకెట్ కదలడం మొదలుపెట్టే క్షణంలో తాడు 98 కంటే ఎక్కువ బలంతో లాగాల్సిందే. ఆలోచించే పిల్ల ఆ క్షణాన్ని మనసులో పెట్టుకుని జవాబిస్తుంది, మీరు ఆమెకు అపోహ అంటగడతారు.

ప్రశ్నను ఇలా బిగించండి: "బకెట్ కదలడం మొదలై, ఇప్పుడు మారని వడితో నేరుగా పైకి వస్తోంది. బకెట్, నీళ్లు కలిపి 10 కిలోలు, వాటి మీద భూమి ఆకర్షణ 98 న్యూటన్లు. ఈ సమయంలో తాడు బకెట్‌ని ఎంత బలంతో లాగుతోంది? ఎ) 98 కంటే ఎక్కువ, ఎందుకంటే బకెట్ పైకి వస్తోంది. బి) సరిగ్గా 98. సి) 98 కంటే తక్కువ, ఎందుకంటే బకెట్ ఇప్పటికే కదులుతోంది. డి) బకెట్ వడి ఎంతో తెలిస్తేగానీ చెప్పలేం."

ఈ నాలుగింట్లో నాకు ఎక్కువ ఇష్టమైనది డి. "ఇచ్చిన సమాచారం సరిపోదు" అనే మామూలు ఆప్షన్‌లా కనిపిస్తుంది గానీ, దాన్ని పెట్టినవాళ్ల మనసులో బలమూ వడీ అనులోమానుపాతంలో ఉన్నాయన్నమాట. ఎంత వేగంగా లాగితే అంత బలం కావాలని వాళ్ల లెక్క. అడిగింది తాడు బకెట్ మీద చూపే బలాన్నే, మనిషి చేతి బలాన్ని కాదు. చేతి దగ్గర అడిగితే గిలక ఘర్షణ మధ్యలోకి వస్తుంది.

గుద్దుకోవడం మీద రాసే బిట్లలోనూ ఇదే ప్రమాదం. 8000 కిలోల లారీ, 400 కిలోల ఆటో ఎదురెదురుగా గుద్దుకున్నాయి. "దేనికి ఎక్కువ దెబ్బ?" అని అడిగితే ఆటోకే అన్న పిల్లలది తప్పు కాదు. ఒకదాని మీద ఒకటి చూపే బలాలు సమానమే అయినా, ద్రవ్యరాశి ఇరవయ్యో వంతు కాబట్టి గుద్దిన క్షణంలో ఆటో త్వరణం లారీ త్వరణానికి ఇరవై రెట్లు. పిల్లలు కళ్లతో చూసేది ఆ ఇరవై రెట్లనే. అందుకని ప్రశ్నలో "ఆటో మీద లారీ చూపే బలం, లారీ మీద ఆటో చూపే బలం" అని రెండిటినీ పేరుపేరునా రాసి పోల్చమనాలి. "లారీ బలం ఎక్కువ, అందుకే ఆటో ఎక్కువ నుజ్జవుతుంది" అన్న ఆప్షన్ తప్పనిసరిగా ఉండాలి. అక్కడ సగం నిజం ఉంది, అందుకే దాని వైపు మొగ్గుతారు.

సరైన జవాబు పెట్టినవాళ్లకు విషయం అర్థమైనట్టేనా?

రాయి బిట్ ఒక్కదాన్ని చూసి అలా అనుకోవద్దు. "పైకి విసిరిన వస్తువు మీద గురుత్వాకర్షణ ఒక్కటే" అన్నది బట్టీ పట్టగలిగే వాక్యం. అదే ఆలోచన వేరే వేషంలో వచ్చినప్పుడు ఏం చేస్తారో చూడాలి. రాయి బిట్‌లో బి పెట్టి, బకెట్ బిట్‌లో ఎ పెట్టినవాళ్లు ఎంతమందో లెక్కపెట్టండి. వాళ్లకు రాయి గురించి తెలుసు, బలం గురించి ఇంకా తెలియదు.

రెండంచెల బిట్లు ఇంకొక దారి. ముందు జవాబు, దాని కిందే "ఎందుకంటే" అని కారణాలకు మరో నాలుగు ఆప్షన్లు. ఆస్ట్రేలియాలో డేవిడ్ ట్రీగస్ట్ 1988లో ఈ పద్ధతి మీద రాసిన వ్యాసం తర్వాత సైన్స్ సబ్జెక్టులన్నిటిలోనూ ఇది పాకింది. రెండు అంచెలూ సరిగా ఉంటేనే సరైన జవాబు. రాయడానికి టైమ్ రెట్టింపు పడుతుంది, కాబట్టి అన్ని బిట్లూ ఇలా రాయాలని కూర్చోకండి. బట్టీకి దొరికే అవకాశం ఎక్కువున్న వాటికే పెట్టండి.

ఈ అనుమానం ఒక్క మన పిల్లల మీదే అక్కర్లేదు. ఎరిక్ మజూర్ హార్వర్డ్‌లో ఇలాంటి ప్రశ్నలే ఇచ్చినప్పుడు ఒక విద్యార్థిని, వీటికి మీరు నేర్పినట్టు రాయాలా, నేను మామూలుగా ఆలోచించేటట్టు రాయాలా అని అడిగిందని ఆయనే చెప్పాడు. లెక్కలు బాగా చేసే క్లాసు అది.

ఫలితాలు వచ్చాక ఎలా చదవాలి? ఎంతమంది రైటు అని చూస్తే చాలదా?

ఆ అంకె అన్నిటికంటే తక్కువ పనికొచ్చేది. రాయి బిట్‌ని పాఠానికి ముందు 40 మందికి ఇచ్చారని, ఎ 21, బి 8, సి 3, డి 8 వచ్చాయని అనుకుందాం. అందరూ కళ్లు మూసుకుని పెట్టి ఉంటే ఒక్కోదానికి పది చొప్పున వచ్చేవి. సరైన జవాబుకు పది కంటే తక్కువ వచ్చింది, ఎ కి రెట్టింపు వచ్చింది. అంటే వీళ్లు గుడ్డిగా పెట్టలేదు. వాళ్ల దగ్గర ఒక సిద్ధాంతం ఉంది, దాన్ని నమ్మి పెట్టారు. తెలియనివాడికీ, తప్పుగా తెలిసినవాడికీ చెప్పే పాఠాలు వేరు, ఆ తేడా ఈ అంకెల్లోనే కనిపిస్తుంది.

డి పెట్టిన ఎనిమిది మందికి ఒకే ప్రశ్న వేయొచ్చు: పై చోట వేగం సున్నా, బలం కూడా సున్నా అయితే రాయి కిందికి రావడం ఎందుకు మొదలుపెట్టింది? అక్కడే గాల్లో వేలాడుతూ ఉండాలి కదా. చాలామంది ఇక్కడే తేరుకుంటారు. ఎ పెట్టిన ఇరవై ఒక్క మందికి ఇది పనిచేయదు. "చేతి బలం అయిపోయింది కాబట్టి భూమి లాగింది" అని వెంటనే జవాబు చెప్తారు. వాళ్లను "ఇప్పుడు రాయిని పైకి నెడుతున్న వస్తువు ఏది? అది రాయిని తాకుతోందా?" అన్న వైపు నడిపించాలి. సి కి ముగ్గురే కాబట్టి తీసేయాలని తొందరపడకండి, ఇంకో క్లాసులో చూడండి. రెండు మూడు క్లాసుల్లోనూ ఒక ఆప్షన్‌ని ఎవరూ ముట్టుకోకపోతే అది చచ్చిన ఆప్షన్, తీసి మూడింటితోనే ఇవ్వండి. మూడు ఆప్షన్లు చాలన్నది పరిశోధనల్లోనూ తేలిన విషయమే. నాలుగు ఉండాలన్నది అలవాటు తప్ప నియమం కాదు.

క్లాసులో బాగా చదివేవాళ్లంతా ఒకే తప్పు ఆప్షన్ దగ్గర గుమిగూడితే ముందు మీ ప్రశ్నను అనుమానించండి. బావి బిట్ మొదటి రూపానికి అలాగే జరుగుతుంది. వాళ్లను అడిగి కారణం విన్నాక, అది ప్రశ్నలోని లొసుగా లేక నిజమైన నమ్మకమా అన్నది తేలిపోతుంది.

పాఠం ముందు, తర్వాత అదే బిట్లు ఇచ్చి పోల్చవచ్చా?

పోల్చవచ్చు, కానీ ఒక్క బిట్‌తో కాదు, పది పదిహేను బిట్ల సెట్‌తో. 20 శాతం నుంచి 60 శాతానికి వెళ్లిన క్లాసునూ, 60 నుంచి 80 కి వెళ్లిన క్లాసునూ సమంగా చూడటానికి ఒక లెక్క ఉంది: (తర్వాత − ముందు) ÷ (100 − ముందు). మొదటి క్లాసుకు 40 ÷ 80, రెండో దానికి 20 ÷ 40, రెండూ 0.5 అవుతాయి. రిచర్డ్ హేక్ 1998లో ఆరు వేల మందికి పైగా విద్యార్థుల ఫలితాల్ని ఇలా లెక్కేస్తే, మామూలుగా లెక్చర్ చెప్పిన కోర్సుల సగటు 0.23 వచ్చింది. పిల్లల చేత మాట్లాడించి, చేయించి నేర్పిన కోర్సులకు 0.48 వచ్చింది. ముందు పరీక్ష కీని మాత్రం క్లాసులో చెప్పొద్దు, చెప్తే రెండోసారి మీరు కొలిచేది జ్ఞాపకశక్తిని.

వీటికి మార్కులు, నెగటివ్ మార్కులు పెట్టాలా?

వద్దు. నీట్, జేఈఈల్లో తప్పు జవాబుకు ఒక మార్కు పోతుందని పిల్లలకు బాగా తెలుసు. ఆ భయం ఉంటే మనకు కావలసిన తప్పును పెట్టకుండా ఖాళీ వదిలేస్తారు. ఖాళీ నుంచి మనకు ఏమీ తెలియదు. ఊహించి పెట్టేవాళ్ల సంగతేంటంటారా, ఆప్షన్ పక్కన "గట్టిగా తెలుసు", "ఊహించాను" అని రెండు గళ్లు పెట్టండి. తప్పు పెట్టి "గట్టిగా తెలుసు" అని టిక్ చేసిన కాగితాలు ముందు చదవాల్సినవి.

ఎఫ్‌సీఐ ఉండగా మనం మళ్లీ రాయడం ఎందుకు?

అది మంచి పరీక్ష. ఇప్పుడు వాడేది 1995లో సవరించిన రూపం, 30 ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు ఆప్షన్లు. టీచర్లకు అందుబాటులోనే ఉంది, కాకపోతే ప్రశ్నల్ని, కీని బహిరంగంగా పెట్టొద్దని కోరతారు. ఏడాది చివర ఒకసారి ఇచ్చుకోండి. కానీ రేపు ఉదయం మూడో పీరియడ్‌లో రెండో నియమం చెప్పే ముందు అడగడానికి మీకు రెండు మూడు బిట్లు కావాలి. అవి మీ పిల్లల కుప్పల్లోంచి వచ్చినవైతే సూటిగా తగులుతాయి.

గ్రాఫుల మీద కూడా ఇలా రాయొచ్చా?

రాయొచ్చు. అదే రాయికి వేగం–కాలం గ్రాఫు అడగండి. పైకి లేచి కిందికి వంగే కొండలాంటి గీతను ఒక ఆప్షన్‌గా పెట్టండి. రాయి వెళ్లిన దారికీ గ్రాఫుకీ తేడా తెలియని పిల్లలు దాన్నే పెడతారు. V ఆకారపు గీతను ఇంకో ఆప్షన్‌గా పెడితే, వేగానికి దిశ ఉంటుందని మర్చిపోయి వడిని మాత్రమే చూసేవాళ్లు దొరుకుతారు. పైకి దిశను ధనాత్మకంగా తీసుకోమని ప్రశ్నలో రాయడం మర్చిపోకండి.

ఒకసారి వాడిన బిట్‌ని వచ్చే ఏడాది మళ్లీ ఇస్తే పాత పిల్లలు చెప్పేస్తున్నారు. ఏం చేయాలి?

ఆలోచనను ఉంచి సన్నివేశాన్ని మార్చండి. రాయికి బదులు క్యారమ్ స్ట్రైకర్ తీసుకోవచ్చు: వేలు వదిలాక స్ట్రైకర్ బోర్డు మీద జారుతూ నెమ్మదిస్తోంది, బోర్డుకు సమాంతరంగా దాని మీద ఏ బలాలున్నాయి? "వెనక్కి ఘర్షణ మాత్రమే" అన్నది సరైనది. "ముందుకు వేలు ఇచ్చిన బలం ఎక్కువ, వెనక్కి ఘర్షణ తక్కువ" అన్నది మన పాత ఎ. "వేలు ఇచ్చిన బలం తగ్గుతూ వచ్చి ఘర్షణతో సమానం కాగానే స్ట్రైకర్ ఆగుతుంది" అన్నది మూడోది. దీన్ని పెట్టినవాళ్లలో రెండు తప్పులు ఒకేసారి కనిపిస్తాయి. వదిలేసిన వేలు ఇంకా నెడుతోందన్నది ఒకటి, బలాలు సమానమైతే వస్తువు ఆగిపోతుందన్నది రెండోది. ఆ రెండోదాని మీద విడిగా ఇంకో బిట్ రాయాలి, దానికి మారని వడితో వస్తున్న బావి బకెట్ సరిపోతుంది.